హెచ్చరిక: వరద బొమ్మ మీది అక్షరాలను రుద్దకండి, లేయరు కన్ను మూయండి

జూలై, ఆగస్టు గోదావరికి వరద నెలలు. ఈ రోజుల్లో యానాంలో ఫోటోల మీద అక్షరాలు వేసి జనంలోకి పంపే ప్రతి ఒక్కరికీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు, ఫోటో స్టూడియోల వాళ్లు, ఫోన్లోనే పోస్టరు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే కుర్రాళ్లు అందరూ ఇందులోకి వస్తారు. మీరే వేసిన అక్షరాలను తీసేయాల్సి వచ్చినప్పుడు, బయటికి పంపిన జేపీజీ బొమ్మను తెరిచి రుద్దకండి. ఆ బొమ్మను తయారు చేసిన అసలు ఫైలు తెరవండి. అక్షరాల లేయరు పక్కనున్న కంటి గుర్తును నొక్కి ఆ లేయరును దాచండి. కొత్త పేరుతో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. పని అంతే, నిమిషం పట్టదు. అయితే ఆ నిమిషం పని చేసుకునే వీలు నిలవాలన్నా పోవాలన్నా మొదటి రోజు ఫైలు మూసేటప్పుడు మీరు నొక్కిన మీటను బట్టే ఉంటుంది. చాలామంది అక్కడే పోగొట్టుకుంటున్నారు.

వరదకూ దీనికీ సంబంధం ఏమిటంటే, వరద పోస్టరులో అంకె నిలకడగా ఉండదు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది, గౌతమీ పాయ ఒడ్డునున్న యానాం వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి రోజుల్లో పొద్దున చేసిన పోస్టరు సాయంత్రానికి అబద్ధమైపోతుంది. పైగా యానాం పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. రెండు ప్రభుత్వాల ప్రకటనలూ ఒకే ఫోన్లోకి వచ్చి పడతాయి. అందులో అంకె చెరిపి అంకె వేసిన బొమ్మ ఒకటి చేరిందంటే ఏది ఎప్పటిదో తేల్చుకోలేక జనం అన్నిటినీ పక్కన పెట్టేస్తారు. చెరిపిన మచ్చ కనబడే పోస్టరును నమ్మాల్సిన పని కూడా వాళ్లకు లేదు.

ఆ మచ్చ ఎందుకు పడుతుందో తెలిస్తే రుద్దే పని ఎవరూ పెట్టుకోరు. జేపీజీలో లేయర్లు ఉండవు. ఎక్స్‌పోర్ట్ చేసిన క్షణాన అక్షరం కింద ఉన్న నీటి రంగును ఆ ఫైలు మరిచిపోతుంది. అక్కడ ఇక ఉన్నది అక్షరం రంగే. అంతటితో ఆగదు. జేపీజీ బొమ్మను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు గళ్లుగా కోసి, ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. గోదావరి బురద నీటి మీద ఎర్రటి అక్షరం పడిన గడిలో ఆ అంచు పదును కుదింపుకి లొంగదు. అక్షరం చుట్టూ సన్నటి నలుసులు లేస్తాయి, ఎరుపు పక్కకు కారినట్టు కనబడుతుంది. అందువల్ల మీరు అక్షరాన్ని ఎంత జాగ్రత్తగా పూడ్చినా దాని చుట్టూ ఉన్న ఆ పొగ మిగులుతుంది. బొమ్మను రెండు వందల శాతం పెద్దది చేసి చూడండి, తీసేసిన "మూడో" అన్న మాట నీడలా చదవగలిగేటట్టు కనబడుతుంది. దాన్ని మళ్లీ జేపీజీగా సేవ్ చేస్తే ఇంకో విడత కుదింపు. ఇక ఆ బొమ్మను వాట్సాప్ నుంచి దింపుకుని ఉంటే అసలే చెప్పనక్కర్లేదు. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ తనకు నచ్చిన కొలతకు తగ్గించేసి ఉంటుంది. తన పోస్టరునే తాను వాట్సాప్ నుంచి దింపుకుని దిద్దే డిజైనర్లు తక్కువేం కాదు.

ఒక పోస్టరు తీసుకుని మొదటి నుంచీ చూద్దాం. బాలయోగి వారధి మీద నుంచి ఫోన్‌తో గోదావరిని ఫోటో తీశారనుకోండి. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. దాన్ని ఫోటోషాప్‌లో తెరిస్తే అడుగున `Background` అన్న లేయరు అదే. దాని మీద అక్షరాలు తేటగా కనబడాలని ఫోటోను కొంచెం నల్లబరిచే ఒక సర్దుబాటు లేయరు వేశారు. దాని మీద కింది అంచున నల్లటి పట్టీ. పట్టీ మీద "మూడో ప్రమాద హెచ్చరిక" అన్న శీర్షిక, ఆ కింద అంకె, తేదీ, సహాయానికి పిలవాల్సిన ఇద్దరు కుర్రాళ్ల ఫోన్ నంబర్లు. మొత్తం ఏడెనిమిది లేయర్లు. పని అయ్యాక జేపీజీ తీసి పంపారు.

రెండు రోజుల తరువాత ప్రవాహం తగ్గి రెండో హెచ్చరిక మాత్రమే మిగిలింది. ఇప్పుడు అదే ఫోటో, అక్షరాలు లేకుండా కావాలి. `.psd` ఫైలు ఉంటే తెరవడమే. తెరవగానే మన తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంటి కంప్యూటర్లో చేసిన ఫైలును దుకాణంలో తెరిస్తే, అందులో వాడిన అను ఫాంటు అక్కడ లేకపోతే, ఫాంటు కనబడలేదనో, అక్షరాల లేయర్లను తాజా చేయమంటారా అనో ఫోటోషాప్ అడుగుతుంది. కంగారుపడి అవునన్నా, వేరే ఫాంటు పెట్టమన్నా తెలుగు అక్షరాల స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస వచ్చి పడుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లీషు మీటల మీద తెలుగు రూపాలు కూర్చినవి, అందుకని ఆ గతి. మీకు కావలసింది ఆ లేయరును దాచడమే. దాచడానికి ఫాంటుతో పనే లేదు. వద్దని చెప్పి ముందుకు వెళ్లండి. లేయరు మీద పసుపు రంగు హెచ్చరిక గుర్తు కనబడినా ఫరవాలేదు, మీరు ముట్టనంతవరకు పాత రూపం అలాగే ఉంటుంది. కొన్ని దుకాణాల్లో శీర్షికను పేజ్‌మేకర్‌లో కొట్టి బొమ్మగా తెచ్చి అతికిస్తారు. అది అక్షరాల లేయరు కాదు, దిద్దడానికి రాదు. కానీ విడి లేయరుగా ఉన్నంతకాలం కన్ను మూస్తే పోతుంది.

శీర్షిక, అంకె, తేదీ, నంబర్లు, పట్టీ, అన్నిటి కళ్లూ మూశారు. చూస్తే గోదావరి ఇంకా చీకటిగానే ఉంది. నల్లబరిచిన సర్దుబాటు లేయరు సంగతి మరిచారు కాబట్టి. అక్షరాల కోసం వేసిన ప్రతిదీ అక్షరాలతో పాటే పోవాలి. మొదటి రోజే వాటన్నిటినీ ఒక గ్రూపులో పెట్టి పేరు పెట్టుకుని ఉంటే ఒకే కన్ను మూస్తే సరిపోయేది. సరి చూసుకోవడానికి ఒక కిటుకు ఉంది. ఫోటోషాప్‌లో `Alt` పట్టుకుని అడుగు లేయరు కన్ను నొక్కితే ఆ ఒక్క లేయరు తప్ప మిగతావన్నీ మాయమవుతాయి. జింప్‌లో అదే పనికి `Shift` పట్టుకోవాలి. అలా నొక్కినప్పుడు గోదావరి శుభ్రంగా కనబడితే మీ ఫైలు క్షేమం. అక్షరాలు ఇంకా కనబడుతున్నాయంటే అవి ఫోటోలోనే కలిసిపోయాయన్నమాట. అప్పుడు ఆ ఫైలు మీద ఇంకో నిమిషం వృథా చేయకండి, ఫోన్లోని అసలు ఫోటో వెతకండి.

మధ్యరకం కేసు ఒకటి వస్తుంటుంది. అక్షరాల లేయరు కన్ను మూసినా అక్షరాలు పోవు. ఎవరో ఫిల్టర్ వేయడానికి కనబడేదంతా కలిపి పైన కొత్త లేయరుగా ముద్ర వేశారన్నమాట. అది అన్నిటి మీదా మూతలా కూర్చుంది. పైనున్న ఆ లేయరు కన్ను కూడా మూయండి, కింద మీ లేయర్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఫైలు పాడైందని గాబరా పడి మొత్తం మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు తెలియని సంగతి ఇదే.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వద్దాం. లేయర్లు ఎక్కడ చస్తాయి?

మొదటి చోటు జింప్. డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి ఇళ్లలో చాలామంది వాడేది ఇదే. జింప్‌లో సేవ్ అంటే `.xcf` ఫైలే, అందులోనే లేయర్లుంటాయి. జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. జేపీజీ తీశాక కిటికీ మూయబోతే, మార్పులు సేవ్ కాలేదు, ఏం చేయమంటావని జింప్ అడుగుతుంది. "జేపీజీ తీశాను కదా, ఇంకేం సేవ్?" అనుకుని `Discard Changes` నొక్కేస్తారు. ఆ మీట నొక్కిన వెంటనే ఏడెనిమిది లేయర్లూ గాలిలో కలిసిపోతాయి, చేతిలో మిగిలేది అక్షరాలు అతుక్కుపోయిన జేపీజీ. జింప్ ఆ ప్రశ్న ఊరికే అడగడం లేదు. లేయర్ల ఫైలు ఇంకా ఎక్కడా లేదని చెబుతోంది. ఆ ప్రశ్న కనబడితే ఆగండి, `Save` నొక్కండి, పేరు పెట్టండి.

రెండోది అంతకన్నా మోసం. ఒకే మీటల కలయిక రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు పనులు చేస్తుంది. జింప్‌లో `Ctrl+Shift+E` అంటే కొత్త పేరుతో ఎక్స్‌పోర్ట్. ఫోటోషాప్‌లో అదే `Ctrl+Shift+E` నొక్కితే కనబడే లేయర్లన్నీ ఒకటిగా కలిసిపోతాయి. ఇంట్లో జింప్‌కు అలవాటు పడిన కుర్రాడు దుకాణంలో ఫోటోషాప్ ముందు కూర్చుని ఎక్స్‌పోర్ట్ అనుకుని అది నొక్కాడంటే, తెర మీద బొమ్మ ఒక్క పిసరు కూడా మారదు. లేయర్ల పట్టికను చూడకపోతే ఏమీ తెలియదు. ఆపైన అలవాటుగా `Ctrl+S`, ఫైలు మూసివేత. అంతే సంగతులు. మూయకముందు గమనిస్తే `Ctrl+Z` కాపాడుతుంది. మూశాక వెనక్కి తీసే చరిత్ర ఫైలుతో పాటు ఉండదు. అందుకని ఎక్స్‌పోర్ట్‌కు మీటలు వాడకండి, మెనూలోకి వెళ్లి మాట చదివి నొక్కండి. వేగం తగ్గుతుందంటారు. వరద పోస్టరుకు ఆ రెండు క్షణాలు ఇవ్వవచ్చు.

మూడోది మనం పైన చేసిన పనిలోనే దాగి ఉంది. అక్షరాల కళ్లు మూశాక శుభ్రమైన ఫోటో కనబడింది కదా అని కొందరు `Flatten Image` నొక్కుతారు. దాచిన లేయర్లను పారేయమంటావా అని ఫోటోషాప్ అడుగుతుంది. సరే అంటే అవి పోతాయి. ఆ తరువాత ఎక్స్‌పోర్ట్ బదులు సేవ్ నొక్కితే రేపు మళ్లీ మూడో హెచ్చరిక వస్తే శీర్షిక మొత్తం కొత్తగా కొట్టుకోవాలి. జేపీజీకి ఫ్లాటెన్ అక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ పని అదే చేసుకుంటుంది, మీ `.psd` జోలికి రాదు.

ఫోన్లో చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పిక్సెల్‌ల్యాబ్ లాంటి యాప్‌లో బొమ్మగా సేవ్ చేయడం వేరు, ప్రాజెక్టుగా సేవ్ చేయడం వేరు. బొమ్మగా మాత్రమే చేస్తే గ్యాలరీలో జేపీజీయో పీఎన్‌జీయో మిగులుతుంది. పీఎన్‌జీలో కుదింపు మచ్చలు ఉండవు, నిజమే, లేయర్లూ ఉండవు. ప్రాజెక్టుగా కూడా సేవ్ చేసుకోండి. ఫోన్ నిండిపోయిందని యాప్‌ను తీసేసేముందు ఆ ప్రాజెక్టులు ఎక్కడున్నాయో చూసుకోండి.

ఫైళ్లు పెద్దవైపోతున్నాయి, ఎక్కడ దాచమంటారన్న ప్రశ్న దుకాణాల నుంచి వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మనం చెప్పుకున్న 4000, 3000 పిక్సెళ్ల ఫోటో ఒక్క లేయరుగా, కుదించకుండా లెక్కేస్తే 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 36 ఎంబీ. జేపీజీ అయితే నాలుగైదు ఎంబీల్లో ఇమిడిపోతుంది. అందుకే నెల తిరక్కుండా `.psd`లు చెరిపేస్తారు. పెళ్లి ఫ్లెక్సీలు చెరుపుకోండి, ఎవరూ అడగరు. వరద నెలల్లో చేసిన పోస్టర్ల అసలు ఫైళ్లు మాత్రం సీజను దాటేదాకా ఉంచండి. కంప్యూటరు ఒక్కదానిలోనే ఉంచితే చాలదు. నీళ్లు వచ్చే వీధిలో నేల మీద పెట్టిన సీపీయూ ఎంత భద్రమో 2022 చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక పెన్‌డ్రైవ్ మీద, పై అంతస్తులో.

ఇంతవరకు చెప్పింది మన పని పోకుండా కాపాడుకోవడం గురించి. మనుషులకు హాని కలిగించేది ఇంకొకటి ఉంది. దాచిన లేయరు తీసేసిన లేయరు కాదు. పోస్టరు మీద నంబర్లు ఇచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు, వరద తగ్గాక కూడా అర్ధరాత్రి ఫోన్లు వస్తున్నాయి, నా నంబరు తీసేయండి అన్నారనుకోండి. మీరు కన్ను మూసి `.psd` ఫైలునే ముద్రణకు కాకినాడ పంపారు. అక్కడ ఎవరైనా ఆ కన్ను తెరిస్తే నంబరు ప్రత్యక్షం. పీడీఎఫ్‌గా పంపినా అదే జరగవచ్చు. ఫోటోషాప్ పీడీఎఫ్ తీసేటప్పుడు `Preserve Photoshop Editing Capabilities` అన్న గడిలో టిక్కు ఉంటే, పీడీఎఫ్ లోపల మొత్తం లేయర్ల ఫైలు ప్రయాణం చేస్తుంది. ఆ టిక్కు తీసేయండి. టిఫ్ ఫైలు కూడా లేయర్లను మోయగలదు. బయటి వాళ్లకు జేపీజీయో పీఎన్‌జీయో ఇవ్వండి, అసలు ఫైలు ఇంట్లో ఉంచండి.

జేపీజీ అయినా పూర్తిగా నిశ్చింత కాదు. ఫోటోషాప్ అక్షరాల లేయర్లలో ఏం రాశారో ఒక ప్రతిని ఫైలు వివరాల్లో పెట్టుకుంటుంది. బొమ్మలో కనబడని ఆ మాటలు జేపీజీ వివరాల్లోకి కూడా చేరి ఉండవచ్చు. ఉన్నాయో లేదో ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాధనంతో చూడవచ్చు. మొదటి వరస అక్షరాలు ఉంటే చూపిస్తుంది, రెండో వరస వాటిని తుడిచేస్తుంది:

```
exiftool -TextLayerText godavari_clean.jpg
exiftool -XMP:all= godavari_clean.jpg
```

రెండోది నడిపాక పాత ప్రతి `_original` అన్న తోకతో పక్కనే మిగులుతుంది. పంపేటప్పుడు దాన్ని పంపకండి. ఇంత తతంగం వద్దనుకుంటే ఫోటోషాప్ `Export As` కిటికీలో `Metadata` దగ్గర `None` ఎంచుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ వివరాలు సాధారణంగా రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని గమనించాలి.

ఒక సంగతి చెప్పేసి ముందుకు పోదాం. ఇదంతా మీరు వేసిన అక్షరాల గురించే. వేరే ఫోటోగ్రాఫరు తన ఫోటో మీద వేసుకున్న పేరును తీయడానికి లేయర్ల ఫైలు మీ దగ్గర ఉండదు. ఉండదు కాబట్టే అది మీ పని కాదు. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65బీ సెక్షను, హక్కుల వివరాలను తెలిసి చెరిపినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చంటోంది.

దుకాణదారులకు ఒక విన్నపం కాదు, డిమాండే. ప్రజాప్రయోజనం కోసం, యువజన సంఘాల కోసం చేసే వరద పోస్టరుకైనా అసలు ఫైలు అడిగితే ఇవ్వండి. అది మా సొత్తు అని పట్టుకు కూర్చుని, తరువాత చెరిపేసి, తీరా అవసరం పడ్డాక లేదనడం ఈ నెలల్లో కుదరదు. ఇవ్వడానికి మనసొప్పకపోతే, అంకె మార్చి కొత్త జేపీజీ తీసి ఇచ్చే పనికి డబ్బు అడగకండి.

అసలు ఫైలు ఇప్పటికే పోయిందా? అయితే ఫోన్ గ్యాలరీలో అక్షరాలు పడని అసలు ఫోటో వెతకండి. తీసిన మనిషిని అడగండి, డాక్యుమెంటుగా పంపమనండి. దాని మీద కొత్త అక్షరాలు కొట్టడం పాత బొమ్మను రుద్దడం కంటే తక్కువ పని. ఫోటో కూడా దొరక్కపోతే ఫోటో లేకుండానే పోస్టరు వేయండి. తెల్లని కాగితం మీద నల్లని అక్షరాలతో ప్రవాహం ఎంతో, ఏ హెచ్చరికో, ఎన్ని గంటలకు ప్రకటించారో రాస్తే జనానికి కావలసింది అదే. గోదావరి ఎలా ఉందో వాళ్లు గుమ్మంలో నుంచే చూస్తున్నారు.

కొత్త బొమ్మ తయారయ్యాక దానికి పాత పేరు పెట్టకండి. ముఖ్యంగా జింప్‌లో `Ctrl+E` అంతకుముందు ఎక్స్‌పోర్ట్ చేసిన జేపీజీ మీదే రాసేస్తుంది, ఏ రోజు ఏం పంపామో చూపించడానికి పాత ప్రతి మిగలదు. ఫైలు పేరులో తేదీ, గంట పెట్టండి. బొమ్మలోనూ అదే తేదీ, గంట పెద్ద అక్షరాలతో, విడి లేయరుగా వేయండి. మీ దగ్గర లేయరు మూసినంత మాత్రాన నిన్న పంపిన బొమ్మ ఎవరి ఫోన్లోనూ మారదు. పంపినవారో గ్రూపు అడ్మినో అందరి దగ్గరా చెరిపేయాలి, అందుకు వాట్సాప్ ఇచ్చే గడువు రెండు రోజుల పైచిలుకు. మూడో హెచ్చరిక ఎత్తేశారని తెలియగానే ముందు ఆ పాత బొమ్మను గ్రూపుల్లోంచి తీసేయండి, కొత్తది ఆ తరువాత పెట్టండి.